పర్చేజ్ రిక్విజిషన్ ఎందుకు తిరిగొస్తుంది: ఒక యూపీఎస్ కథ

“పీఆర్‌లో ఐటమ్ పేరు, క్వాంటిటీ, ఉజ్జాయింపు రేటు వేస్తే చాలు. స్పెక్ ఎక్కువ రాస్తే ఏదో బ్రాండ్‌కి అనుకూలంగా రాశావంటారు. జస్టిఫికేషన్‌లో అర్జెంట్ అని పెట్టు. బడ్జెట్ కోడ్ తప్పయితే ఫైనాన్స్ వాళ్లే మార్చుకుంటారు.”

పీఆర్, అంటే ఫలానా వస్తువు కొనమని పెట్టే పర్చేజ్ రిక్విజిషన్, మొదటిసారి రాసేవాళ్లకి ఆఫీసులో వినిపించే సలహా ఇది. గ్లవ్స్, పెన్నుల లాంటి వాటికైతే మొదటి మాట నిజమే, ఎందుకంటే వాటికి మెటీరియల్ కోడూ రేట్ కాంట్రాక్టూ ముందే ఉంటాయి, వివరాలన్నీ ఆ కోడ్ వెనకే ఉంటాయి. కొత్తగా కొనే వస్తువు దగ్గర మాత్రం ఈ సలహా పనికిరాదు. బెంగళూరు పీణ్యాలో మా యూనిట్ సర్వర్ రూమ్‌కి యూపీఎస్ కొనాల్సొచ్చింది, దాని మీదే చెప్తాను.

“10 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్, 30 నిమిషాల బ్యాకప్, ఒకటి” అని రాస్తే చూడ్డానికి స్పెక్ లాగే ఉంటుంది. కానీ 30 నిమిషాలు ఎంత లోడ్ మీద? ఒక వెండర్ సగం లోడ్‌కి లెక్కేసి చిన్న బ్యాటరీలు పెట్టి తక్కువ కోట్ ఇస్తాడు, ఇంకొకాయన పూర్తి లోడ్‌కి లెక్కేస్తాడు, ఆ రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి పోల్చడం ఎవరివల్లా కాదు. అదీగాక పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 10 కేవీఏ అంటే 8 కిలోవాట్లే, 0.9 అయితే 9. కాబట్టి ముందు యూపీఎస్ మీద ఇప్పుడు నడుస్తున్న లోడ్ చూశాం, 4.3 కిలోవాట్లు. రాబోయే సర్వర్‌కి ఇంకో 1.2. మొత్తం 5.5. అందుకని “10 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.9కి తగ్గకూడదు, 5.5 కిలోవాట్ల లోడ్ మీద 30 నిమిషాల బ్యాకప్, బ్యాటరీ లెక్క కోట్‌తో పాటు ఇవ్వాలి” అని రాశాం. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఏ ఫేజో, బ్యాటరీ ర్యాకూ కేబుళ్లూ ఇన్‌స్టలేషనూ రేటులో కలిసి ఉండాలో లేదో, పాత లెడ్ బ్యాటరీలు ఎవరు తీసుకెళ్లాలో కూడా అక్కడే ఉంది. బ్యాటరీలు ఎన్నో, ఎన్ని ఆంపియర్-అవర్లో మాత్రం మేం రాయలేదు. అది వెండర్ లెక్కగట్టి చూపించాల్సిన విషయం.

బ్రాండ్ అనుమానం ఎక్కడ వస్తుందంటే, ఒక కంపెనీ క్యాటలాగ్ తెరిచి కొలతలూ బరువూ డిస్‌ప్లే సైజూ దించేసినప్పుడు. పని ఏం జరగాలో చెప్పే స్పెక్‌కి ముగ్గురు నలుగురు తయారీదార్లు సులువుగా సరిపోతారు. నిజంగా ఒకే మోడల్ కావాల్సి వస్తే, ఉన్న మెషీన్‌కి అదొక్కటే అతుకుతుందనో మరోటనో కారణం ముందే రాసేయండి, దాచిపెడితేనే ప్రశ్నలొస్తాయి.

ఇక ‘అర్జెంట్’. అప్రూవర్‌కి అది ఏ సమాచారమూ ఇవ్వదు, ఎందుకంటే ఆయన టేబుల్ మీద ఉన్నవన్నీ అర్జెంటే. మా పీఆర్‌కి ఆయన కచ్చితంగా అడిగేది ఒక్కటే: “పాత యూపీఎస్‌కి బ్యాటరీలు మారిస్తే పోదా?” జస్టిఫికేషన్ అంతా దానికి జవాబే. “ఉన్నది 6 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.8, అంటే 4.8 కిలోవాట్లు. కొత్త సర్వర్‌తో లోడ్ 5.5 అవుతుంది. బ్యాటరీలు మార్చినా బ్యాకప్ సమయం పెరుగుతుంది గానీ మోసే శక్తి పెరగదు. 0.9 ఉన్న కొత్త 6 కేవీఏ అయినా 5.4 దగ్గరే ఆగుతుంది, అందుకే 10.” దీని కింద సర్వర్ వచ్చే తేదీ, యూపీఎస్ డెలివరీకి పట్టే వారాలు, అంటే ఆర్డర్ ఏ తేదీలోపు వెళ్లాలో రాశాం. తేదీ ఉంటే అర్జెంట్ అనే మాటే అక్కర్లేదు.

కోడ్ గురించిన మాటకి నాకు నిజంగా కోపం వస్తుంది, ఎక్కువ రోజులు పోయేది అక్కడే. బ్యాటరీలు మార్చడం మామూలుగా రిపేర్ ఖర్చు, డిపార్ట్‌మెంట్ కాస్ట్ సెంటర్‌కి పోతుంది. కొత్త యూపీఎస్ క్యాపిటల్, అంటే కంపెనీ ఆస్తిగా లెక్కలోకి వచ్చే ఖర్చు. ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో పీఆర్ పెట్టే ME51N స్క్రీన్ తెరిచి అకౌంట్ అసైన్‌మెంట్ కాలమ్‌లో K పెడితే కాస్ట్ సెంటర్ అడుగుతుంది, A పెడితే అసెట్ నంబర్ అడుగుతుంది, ఆ నంబర్ ముందే తీసుకోకపోతే లైన్ ముందుకు కదలదు. చాలా కంపెనీల్లో క్యాపిటల్‌కీ మామూలు ఖర్చుకీ సంతకాలు పెట్టేవాళ్లే వేరు, అందుకే మధ్యలో K తీసి A చేస్తే అప్పటిదాకా వచ్చిన అప్రూవల్స్ పోయి మళ్లీ మొదటికొస్తుంది. ఫైనాన్స్ వాళ్లు మార్చరు, మీకే వెనక్కి పంపుతారు.

కోడ్ పక్కనే మిగిలిన బడ్జెట్ కూడా రాయండి, అది పన్నుతోనా పన్ను లేకుండానా చెప్తూ. మా లైన్‌లో మిగిలింది 2,60,000. ఎస్టిమేట్ 2,40,000, 18 శాతం జీఎస్టీ కలిపితే 2,83,200. ఇది చూసిన ఎవరైనా బడ్జెట్ దాటిందనే అనుకుంటారు. మా యూనిట్‌కి ఈ కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఇక్కడ కట్టిన జీఎస్టీ మేం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది, బడ్జెట్ కూడా పన్ను లేకుండానే వేసింది, కాబట్టి పోల్చాల్సింది 2,40,000తో. ఆ ఒక్క లైన్ పీఆర్‌లో ఉంది కాబట్టి ఫైనాన్స్ నుంచి ఫోన్ రాలేదు.