లేని రాణి ఫొటో

ఆన్‌లైన్ దుకాణం ఫిర్యాదుల అధికారి గారికి నమస్కరించి వ్రాయునది.

అయ్యా,

సంక్రాంతికి మా ఇంటికి చుట్టాలు వస్తున్నారని మీ దగ్గర రెండు పేకలు తెప్పించుకున్నాను. డబ్బా మీద 52 ముక్కలు, 2 జోకర్లు అని ఉంది. మీ పట్ల న్యాయంగా ఉండాలి కనుక ముందే ఒప్పుకుంటున్నాను: లెక్కపెడితే ప్రతి పేకలోనూ సరిగ్గా 54 ఉన్నాయి. మీ సిబ్బంది ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నా ఫిర్యాదును మూడుసార్లు మూసేశారు. నాలుగోసారి తెరిచి వివరంగా రాస్తున్నాను.

ప్రతి పేకలోనూ ఆఠీన్ రాణి లేదు. ఆ స్థానంలో ఇస్పేటు ఏడు ఇంకొకటి ఉంది. అంటే ముక్కలు తగ్గలేదు, మనిషి మారింది. పెళ్లిపీటల మీద పెళ్లికూతురి బదులు పురోహితుడి తమ్ముణ్ణి కూర్చోబెట్టి, పీటల మీద ఇద్దరున్నారు కదా అన్నట్టుంది మీ జవాబు.

ఇది ఎలా బయటపడిందో చెప్పాలి. భోగి నాటి రాత్రి ఆరుగురం రమ్మీకి కూర్చున్నాం. పందెం వేరుశనగపప్పులు. పోలీసువారు చదువుతారేమో అని ముందే మనవి చేస్తున్నాను. మా బావగారి చేతిలో ఆఠీన్ జాకీ, ఆఠీన్ రాజు ఉన్నాయి. ఒకే రంగులో వరసగా వచ్చే ముక్కల సీక్వెన్సు, జోకరు కలవనిది, ఒక్కటైనా లేనిదే ఆట తిప్పడానికి లేదు కనుక, మధ్యలో రాణి కోసం ఆయన కాచుకు కూర్చున్నారు. మధ్య ముక్క కోసం కాచుకోవడం తెలివైన పని కాదని నేనే ఆయనకు పదేళ్లుగా చెబుతున్నాను. కానీ ఆ రోజు ఆయన దగ్గర ఒక లెక్క ఉంది. కింద పడిన ప్రతి ముక్కా ఆయనకు గుర్తుంటుంది. ఆఠీన్ రాణి ఒక్కటీ పడలేదు. రెండు పేకల్లో రెండు రాణులుండాలి. పడలేదంటే ఇంకా రావలసినవే. మూసిన కట్టలో ముక్కలు పది నుంచి ఆరుకు, ఆరు నుంచి నాలుగుకు తగ్గేకొద్దీ ఆయన ముఖం వెలిగిపోతూ వచ్చింది. ఇక నాలుగే మిగిలాయి, అందులో నా రాణి ఉండి తీరాలి అనుకుంటున్నారు. ఆయన జ్ఞాపకంలో తప్పులేదు. తప్పు మీ డబ్బాలో ఉంది.

ఇంతలో మా పిన్ని కొడుకు ఆట తనదేనని షో చెప్పాడు. వాడు ఏ ముక్క పడిందో చూడడు, ఫోను చూసుకుంటూ ఆడతాడు. బావగారికి సీక్వెన్సు లేదు కనుక చేతిలో ముక్కలన్నీ లెక్కకు వచ్చి నష్టం కింద 80 పాయింట్లు పడ్డాయి. అందరూ ముక్కలు పరిచారు. అప్పుడు చాప మీద మూడు ఇస్పేటు ఏడులు కనిపించాయి. రెండు పేకల్లో రెండే ఉండాలి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ మా మామయ్య వైపు చూశారు. ఆయన ఒకప్పుడు క్లబ్బులో ఆడిన మనిషి. డెబ్బై రెండేళ్ల పెద్దాయన లేచి నిలబడి చొక్కా చేతులు విదిలించి చూపించాల్సి వచ్చిందంటే, ఆ పరువు ఖరీదు మీ రీఫండు పట్టికలో ఏ వరుసలో వస్తుందో తెలియజేయగలరు.

పేకలు విడదీసి రంగుల వారీగా పేర్చాం. ఏ పేక చూసినా కళావరు పదమూడు, డైమన్ పదమూడు, ఇస్పేటు పద్నాలుగు, ఆఠీన్ పన్నెండు. రెండు నిమిషాల పని. మీరు కూడా చేసి చూడవచ్చు. ఊరికే ముక్కలు లెక్కపెడితే ఈ దొంగతనం ఎప్పటికీ దొరకదు.

ఇక్కడ ఒక న్యాయపరమైన చిక్కు ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ గురించి తేల్చి చెప్పింది: ఇది మూడు ముక్కలాటలా ఒట్టి అదృష్టపు ఆట కాదు, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కనుక ఇది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని. మీ పేకతో ఆడితే ఏమైంది? జ్ఞాపకం పెట్టుకున్నవాడు 80తో మునిగాడు. ఫోను చూసుకున్నవాడు పప్పులన్నీ ఎత్తుకుపోయాడు. నేర్పు ఎంత ఎక్కువుంటే నష్టం అంత ఎక్కువ. నేర్పుతో ఆడేదని న్యాయమూర్తులు తేల్చిన ఆటను మీరు మూడొందల రూపాయలకు జూదంగా మార్చి ఇంటికి చేరవేశారు, అదీ డెలివరీ ఖర్చు లేకుండా.

ఇక అచ్చుతప్పు సంగతి. కళావరు తొమ్మిదిలో పువ్వులు తొమ్మిదీ ఉన్నాయి. ఒక మూల 9 అని ఉంది. ఎదుటి మూల మాత్రం 6 అని ఉంది. చిన్న విషయమేగా అనకండి. ముక్కల్ని విసనకర్రలా పట్టుకుంటే కనిపించేది ఎడమవైపు పై మూల ఒక్కటే. కాబట్టి ఎటు నుంచి చేతిలోకి వస్తే అది ఆ ముక్క. కళావరు ఏడు, ఎనిమిది ఉన్నవాడికి తొమ్మిదైనా సరే, ఆరైనా సరే, సీక్వెన్సు కుదిరిపోతుంది. జోకరని పేరు లేకుండా జోకరు పని చేస్తోంది. పువ్వులు లెక్కపెట్టాలా, అంకె చూడాలా అన్నదాని మీద మా ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. కనుమ నాడు గారెలు కూడా విడివిడిగా తిన్నారు.

ఆఠీన్ రాజుకు మీసం లేదని, అది కూడా ఫిర్యాదులో చేర్చాలని మా మామయ్య పట్టుబట్టారు. ఆ నలుగురు రాజుల్లో అతనొక్కడికి మీసం ఉండకపోవడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీయేనని చెప్పి ఆ అంశం కొట్టేశాను. మీ మీద నాకు కక్ష లేదనడానికి ఇది రుజువు.

మీ సిబ్బంది మొదట అడిగింది, పోయిన ముక్క ఫొటో పంపమని. చాప మీద ఆఠీన్ జాకీకి, రాజుకు మధ్య జాగా వదిలి ఫొటో తీసి పంపాను. ఫొటో స్పష్టంగా లేదన్నారు. తర్వాత, సీలు విప్పిన పేక వెనక్కి తీసుకోబోమన్నారు. సీలు విప్పకుండా లోపల రాణి లేదని కనిపెట్టే విద్య మీ దగ్గరుంటే దయచేసి నేర్పండి, ఆ విద్యతో రమ్మీ ఇంకా బాగా ఆడవచ్చు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని కూడా వాటిలోనే ఉంది. అందినట్టు మీరు వెంటనే తెలిపారు. ఆ మాట నాలుగుసార్లు తెలిపారు.

చివరికి దయతలచి మరో రెండు పేకలు పంపారు. అవే పేకలు. పేకలోని ముక్కలన్నీ ఒకే పెద్ద అట్ట మీద అచ్చు వేసి, తర్వాత కోస్తారు. అచ్చు పలకలో రాణి చోట ఏడు పడిందంటే, ఆ పలకతో అచ్చయిన ప్రతి పేకలోనూ రాణి ఉండదు. అదే సరుకులోంచి తీసి మార్చడమంటే, చేదుబావిలో ఇంకో బొక్కెన తోడి ఇచ్చినట్టే. డబ్బా అడుగున ఉన్న లాటు నంబరు చూసి, వేరే నంబరుది పంపండి. నేను అడిగేది అంతే.

ప్రస్తుతం నా దగ్గర నాలుగు పేకలు, ఎనిమిది ఇస్పేటు ఏడులు ఉన్నాయి. ఆఠీన్ రాణులు సున్నా.

ఇట్లు,
మీ విధేయుడైన వినియోగదారుడు

తా.క.: బావగారు ఆ 80 కొట్టేయమంటున్నారు. మా పిన్ని కొడుకు ఒప్పుకోవడం లేదు, గెలిచిన పప్పులు వేయించుకుని తినేశానంటున్నాడు. మీ జవాబు వచ్చేదాకా లెక్క కాగితం మామయ్య ఇనప్పెట్టెలో ఉంచాం.