QZ తో మొదలైనంత మాత్రాన అది అమెరికా పాట కాదు

గుంటూరు గాయని ఒకరు విజయవాడలోని స్టూడియోలో ఒక జానపద గీతం పాడారనుకుందాం. యాప్‌లలోకి ఎక్కించడానికి ఆమె అమెరికాలో ఉన్న డిస్ట్రిబ్యూటర్‌ని ఎంచుకున్నారు. పాట విడుదలయ్యాక చూస్తే, ప్రతి రికార్డింగ్‌కీ గుర్తింపు సంఖ్యగా ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ QZABC2400017 లాంటిది వచ్చింది. 'మన పాటను అమెరికా ఖాతాలో రాసేశారు' అని ఇంట్లో అందరికీ టెన్షన్.

ఆ భయం అక్కర్లేదు. ఈ కోడ్‌లో పన్నెండు అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు ఏ దేశపు ఏజెన్సీ కోటాలోంచి కోడ్ వచ్చిందో చెబుతాయి. తర్వాతి మూడు, కోడ్ ఇచ్చే హక్కు తీసుకున్న సంస్థవి. 24 అంటే కోడ్ కేటాయించిన ఏడాది. చివరి ఐదు అంకెలు ఆ ఏడాదిలో ఆ సంస్థ వేసుకున్న వరుస సంఖ్య. గాయని ఎవరు, ఏ ఊరు, ఏ పౌరసత్వం అనేదానికి ఇందులో చోటే లేదు. ఇక్కడ హక్కు తీసుకున్నది డిస్ట్రిబ్యూటర్ కాబట్టి ఆ సంస్థ దేశమే కోడ్‌కి ఎక్కింది. ఆమే మన దేశంలో ఈ కోడ్‌ల పని చూసే ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ దగ్గర సొంతంగా నమోదు చేసుకుని ఉంటే, అదే గొంతుకి, అదే పాటకి IN వచ్చేది.

అసలు QZ అనే దేశమే లేదు. మధ్యలోని మూడు స్థానాల్లో అక్షరాలు, అంకెలు ఎలా మార్చి వేసినా ఒక దేశపు కోడ్ కింద 46,656 సంస్థలకే చోటు. అమెరికాకు US చాలక QM, ఆపైన QZ ఇచ్చారు. ఈ రెండూ అంతర్జాతీయ దేశ కోడ్‌ల జాబితాలో ఏ దేశానికీ కేటాయించకుండా వదిలిన అక్షరాల్లోవి. అందుకే 2019 నాటి ప్రమాణంలో మొదటి ఐదు స్థానాలనూ కలిపి ఒకే ప్రిఫిక్స్‌గా చూస్తున్నారు. ఇంత తెలిసీ IN లెక్కపెట్టి 'భారతీయ సంగీతం వాటా ఇంత' అని తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ లెక్కలో మన గుంటూరు గాయని ఉండరు. భారతీయ లేబుల్‌కి పాడిన విదేశీ గాయకుడు మాత్రం ఉంటాడు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. IN కావాలని కొందరు అదే రికార్డింగ్‌కి రెండో కోడ్ తీసుకుంటున్నారు. అలా చేస్తే ఒక్క రికార్డింగ్ రెండుగా కనబడుతుంది. ఎన్నిసార్లు విన్నారన్న లెక్క చీలిపోవచ్చు, రాయల్టీ ఒక కోడ్ కింద వచ్చి రెండో కోడ్ దగ్గర వెతుకులాట మొదలవుతుంది. కొత్తగా పాడినా, మిక్స్ మార్చినా వేరే కోడ్ కావాలి. అంతేగానీ హక్కులు అమ్మినా, డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా పాత కోడే కొనసాగాలి. కొత్త చోట పాట ఎక్కించేటప్పుడు ఐఎస్‌ఆర్‌సీ గడిని ఖాళీగా వదిలితే చాలాచోట్ల సిస్టమ్ తనంతట తానే కొత్త కోడ్ వేసేస్తుంది. పాత ఖాతా మూసే ముందే ఆ QZ కోడ్‌ని రాసిపెట్టుకుని, ఆ గడిలో ఉన్నదున్నట్టు ఎక్కించాలి.