చావు కబురు గ్రూపులో పెట్టేస్తే చెప్పినట్టు కాదు

"ఈ రోజుల్లో ఎవరికీ ఫోన్ చేసి విసిగించకండి. ఒకటి: ఏ విషయమైనా మెసేజ్ చాలు, తీరిక దొరికినప్పుడు చూసుకుంటారు. రెండు: చావు కబురైనా ఆసుపత్రి కబురైనా ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఒక్కసారే అందరికీ చేరుతుంది, రెండు నీలం టిక్కులు పడ్డాయంటే అందరూ చదివినట్టే. మూడు: ఈమెయిల్ కాలం అయిపోయింది, ఇంటి అద్దె పనికైనా ఆఫీసు పనికైనా వాట్సాప్ చాలు. నాలుగు: శుభవార్త స్టేటస్‌లో పెడితే సరిపోతుంది. ఐదు: ముందు చెప్పకుండా ఫోన్ చేయడం మర్యాద కాదు. పది మందికీ పంపండి."

ఈ నెలలో ఇది నాకు ఆరుగురు పంపారు. ఐదుసార్లు చదివి ఊరుకున్నాను. ఆరోసారి పంపింది మా చిన్న మావయ్య కొడుకు. వాడి నుంచి వచ్చాక ఊరుకోలేకపోయాను. ఎందుకో రెండో పాయింటు దగ్గర తెలుస్తుంది.

మొదటిదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. కరెంటు బిల్లు, రేపటి ట్యూషన్ టైము, వచ్చేటప్పుడు పెరుగు తెమ్మనడం, వీటికి మెసేజే మంచిది. తీరిక దొరికేదాకా ఆగలేని కబుర్లు కూడా ఉంటాయి, వాటి సంగతి అందులో లేదు. నాలుగోదానికి అంతకంటే తక్కువ చాలు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. మనవరాలి పెళ్లి కుదిరిందని బటన్ ఫోన్ వాడే అమ్మమ్మకి పక్కింటివాళ్లు చెప్పాలా? ముందు ఆమెకి ఫోన్ చేసి, తర్వాత స్టేటస్ పెట్టుకోండి.

ఇక రెండోది.

మా పెద్ద మావయ్య పోయిన ఏడాది జూన్‌లో గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తెల్లవారుజామున 4:50కి చనిపోయారు. ఆ సమయానికి అక్కడ ఉన్నది అత్తయ్య, నేను, చిన్న మావయ్య కొడుకు. విజయవాడ పటమటలో మా పిన్ని ఉంటుంది, ఆవిడ మావయ్యకి చెల్లెలు. నేను 5:15కి ఫోన్ చేసి, "పిన్నీ, మావయ్యకి బాగా సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరు" అన్నాను. చనిపోయారని చెప్పలేదు. మన ఇళ్లలో అందరూ చేసేదే నేనూ చేశాను. ఒంటరిగా బస్సులో వచ్చే మనిషికి దారిలో ఏమీ కాకూడదని.

5:40కి వాడు గ్రూపులో పెట్టాడు. మావయ్య ఫొటో, దానికి దండ, కింద "ఓం శాంతి". వాడిది మంచి ఉద్దేశమే. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక వాడికి లేదు, నిజంగానే లేదు, రాత్రంతా నిద్ర లేదు.

పిన్ని నెహ్రూ బస్ స్టేషన్‌లో బస్సెక్కి, మంగళగిరి దగ్గర ఫోన్ తీసి చూసింది. అన్నయ్య ఫొటోకి దండ. పక్క సీట్లో ఎవరో తెలియని మనిషి. నాకు ఫోన్ చేసి ఒకే మాట అంది, "నువ్వు కూడా నాకు చెప్పలేదు కదే." తర్వాత గుంటూరు వచ్చేదాకా ఫోన్ ఎత్తలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. మావయ్య కొడుకు, మా బావ, డల్లాస్‌లో ఉంటాడు. మనకి ఉదయం 5:40 అంటే అక్కడ ముందు రోజు రాత్రి 7:10. బావకి అత్తయ్య చెప్పి ఉంటుందని వాడు అనుకున్నాడు. వాడు చెప్పి ఉంటాడని నేను అనుకున్నాను. అత్తయ్య ఎవరికీ చెప్పే స్థితిలో లేదు. కన్నతండ్రి పోయిన సంగతి బావ ఆ గ్రూపులోనే, అప్పటికే వరసగా వచ్చి పడిన దండాల బొమ్మల పైన చదివాడు. "అందరికీ ఒక్కసారే చేరుతుంది" అంటే ఇదే. కొడుక్కీ, మూడో తరం దాయాదికీ, ఎప్పుడో ఒక పెళ్లిలో నంబరిచ్చిన వాళ్లకీ ఒకే క్షణంలో, ఒకే మాటల్లో.

పోనీ, చేరిందా అంటే అదీ లేదు. ఆ గ్రూపులో 63 మంది. గ్రూపులో రెండో టిక్కు పడాలంటే మెసేజ్ అందరి ఫోన్లకీ చేరాలి. నీలం రావాలంటే అందరూ తెరిచి ఉండాలి. తెనాలిలో ఒక తాతయ్య ఫోన్ రెండు వారాలుగా బీరువాలో ఆఫ్ అయి ఉంది. దాంతో ఆ రోజంతా ఒకే టిక్కు. నెట్ సరిగా లేదేమో అనుకుని వాడు అదే ఫొటో మళ్లీ పెట్టాడు. ఎవరు చూశారో ఎవరు చూడలేదో తెలియాలంటే మెసేజ్‌ని నొక్కి పట్టుకుని ఇన్ఫోలో పేర్లు చూడాలి. అక్కడ చదివినవాళ్లలో పేరు కనబడినా తెలిసేది ఆ ఫోన్‌లో గ్రూపు తెరుచుకుందని మాత్రమే. తెరిచింది మనిషా, బొమ్మలు చూస్తున్న మనవడా అన్నది ఏ టిక్కూ చెప్పదు. గ్రూపుని మ్యూట్‌లో పెట్టినవాళ్లకి అసలు చప్పుడే రాదు, రోజూ గుడ్‌మార్నింగులు వచ్చే గ్రూపుని చాలామంది మ్యూట్‌లోనే పెడతారు. మా బాబాయికి మధ్యాహ్నం రెండింటికి తెలిసింది. అప్పటికి మావయ్యని తీసుకెళ్లిపోయారు.

మరి ఎలా చెప్పాలి? ఆ తర్వాత ఒక డాక్టరుని అడిగి తెలుసుకున్నాను. చెడు వార్త చెప్పడానికి వాళ్లకి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ఉంది, క్యాన్సర్ డాక్టర్ల కోసం 2000లో రాసింది. ఎదురుగా కూర్చుని చెప్పడానికి రాసినదే అయినా అందులో సగం ఫోన్‌కీ సరిపోతుంది. ముందు వాళ్లు ఎక్కడున్నారో, పక్కన ఎవరున్నారో అడగాలి. బండి మీద ఉంటే పక్కకి ఆపమనాలి, ఆపేదాకా విషయం ఎత్తకూడదు. తర్వాత "బాధ కలిగించే విషయం చెప్పాలి" అని ఒక్క మాటతో మనసుని సిద్ధం చేయాలి. ఆ వెంటనే "చనిపోయారు" అని సూటిగా అనాలి. "ఇక లేరు", "మనల్ని వదిలేశారు" అంటే నిద్రలో లేచిన మనిషికి అర్థం కాక, ఏమైందని మళ్లీ అడుగుతారు, అదే మాట రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. చెప్పాక మనం మాట్లాడకూడదు. వాళ్లు ఏడ్చినా, ఏమీ అనకపోయినా ఫోన్ పెట్టేయకుండా ఆగాలి. చివర్లో ఒకే ఒక్క పని చెప్పాలి: "పక్కింటి వాళ్లని పిలువు" అనో, "అన్నయ్య కారు తీసుకుని వస్తున్నాడు, ఇంట్లోనే ఉండు" అనో.

పిన్ని విషయంలో నా తప్పు ఇక్కడే. ఒంటరిగా బస్సెక్కాల్సిన మనిషికి అబద్ధం చెప్పడం కాదు, ఆవిడ్ని ఒంటరిగా బయల్దేరకుండా చూడడం నా పని. పటమటలోనే వాళ్ల ఆడపడుచు ఉంది. ముందు ఆమెకి ఫోన్ చేసి పిన్ని ఇంటికి వెళ్లమని, తర్వాత పిన్నికి నిజం చెప్పి ఉంటే సరిపోయేది.

వరస కూడా ముఖ్యం. పిల్లలు, తోబుట్టువులు, వాళ్ల తర్వాతే మిగతావాళ్లు. మాకు ఫోన్ చేసి చెప్పి తీరాల్సినవాళ్లు లెక్కేస్తే పదకొండు మంది. ముగ్గురు కూర్చుని పేర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి ముగ్గురో నలుగురో. అరగంటలో అయిపోయే పని. ఎత్తకపోతే వెంటనే రెండోసారి చేయాలి. డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్న ఫోన్‌కి కూడా ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండో కాల్ వస్తే మోగే ఏర్పాటు ఉంది. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు. ఆ సెట్టింగు ఆపేసినవాళ్లకీ, ఫోన్ మొత్తం సైలెంట్‌లో పెట్టినవాళ్లకీ అది పనిచేయదు. అలాంటప్పుడు అదే ఇంట్లో ఇంకొకరికి చేయాలి.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఆ పదకొండు మందికీ చెప్పేశాక గ్రూపుని మించింది లేదు. ఎన్ని గంటలకి తీసుకెళ్తున్నారు, ఏ ఇంటికి రావాలి, ఎవరి నంబరుకి చేయాలి, ఇవి ఫోన్‌లో చెబితే ఏడుపులో ఎవరికీ గుర్తుండవు. రాతలో ఉంటే పదిసార్లు చూసుకుంటారు. ఆ రోజు వాడు పెట్టిన మెసేజే రెండు గంటలు ఆగి, ఫొటోకి బదులు అడ్రసుతో పెట్టి ఉంటే వాడికి చేతులెత్తి దండం పెట్టేదాన్ని.

మూడోది అద్దె పని. లబ్బీపేటలో అద్దెకుండే నా స్నేహితురాలు ఇల్లు ఖాళీ చేస్తున్నామని నెల ముందే ఓనరుకి వాట్సాప్‌లో వాయిస్ పంపింది. ఆ చాట్‌లో ఏడు రోజులకి మెసేజ్‌లు పోయే సెట్టింగు ఉంది. ఇద్దరిలో ఎవరైనా దాన్ని ఆన్ చేయొచ్చు. నెల తిరిగాక "నాకు ముందు చెప్పలేదు" అని ఆయన అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకున్నాడు. చూపించడానికి ఈమె దగ్గర ఏమీ మిగల్లేదు. వాట్సాప్ మెసేజ్ కోర్టులో పనికిరాదని నేను అనడం లేదు, సర్టిఫికెట్‌తో పెడితే తీసుకుంటారు. పెట్టడానికి ముందు అది మన దగ్గర ఉండాలి కదా. మెయిల్ అయితే తేదీతో సహా సెంట్ ఫోల్డర్‌లో ఉంటుంది, అవతలివాళ్లు చెరిపినా మనది చెరగదు, అడ్రసు తప్పయితే సాధారణంగా తిరిగొచ్చి చెబుతుంది. దాని లోటల్లా ఎదుటివాళ్లు చూడకపోవడం, లేదా స్పామ్‌లో పడిపోవడం. అందుకని ఖాళీ చేసే తేదీ, అడ్వాన్సు మొత్తం మెయిల్‌లో రాసి, "మెయిల్ పెట్టానండి, చూసి ఒక మాట రాయండి" అని వాట్సాప్‌లో చెప్పాలి. రాజీనామాకైనా, సెలవుకైనా ఇదే పద్ధతి.

ఐదోది మొదట చదివినప్పుడు నాకు బాగా కోపమొచ్చింది. ఫోన్ చేయడానికి అనుమతులేమిటి అనుకున్నాను. కానీ మావయ్య పోయినప్పటి నుంచి తెల్లవారుజామున గానీ, రాత్రి పది దాటాక గానీ ఫోన్ మోగితే మా అమ్మ చేతులు వణుకుతున్నాయి. ఎత్తి "ఎవరికేమైంది?" అని అడిగాకే హలో అంటోంది. అందుకని ఇప్పుడు రాత్రిపూట ఊరికే మాట్లాడాలనిపిస్తే ముందు ఒక మెసేజ్ పెడుతున్నాను: "అందరం బాగున్నాం. మెలకువగా ఉంటే ఫోన్ చేస్తాను." చూసుకుని ఆవిడే చేస్తుంది.