గ్రంథదానం చేయు విధానం

కోనసీమలో పెంకుటిల్లు అమ్మి కాకినాడలో ఫ్లాటు కొన్న ప్రతివాడికీ సామాను సర్దే రోజునే విద్యాదానం మీద భక్తి పుడుతుంది. మా బాబాయికీ పుట్టింది. "లైబ్రరీకి ఇచ్చేద్దాంరా, పుణ్యం" అన్నాడు.

పుణ్యం ఏమిటా అని పెట్టె విప్పాను. 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ ఇంకా చెక్కుచెదరకుండా ఉన్న గ్రూప్ టూ గైడ్లు. 2022లోనే అమలాపురం జిల్లా కేంద్రమైందని వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. సిలబస్ మారిన ఎంసెట్ మెటీరియల్. పెళ్లిళ్లలో పంచిన ఒకే స్తోత్రాల పుస్తకం, దొంతరగా.

ఆటోలో వేసుకెళ్లాం. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఫొటో తీస్తారని. లైబ్రేరియన్ గారు ఒక గైడు తీసి నల్ల గుడ్డ మీద ఠపీమని కొట్టారు. గుండుసూది బెజ్జాల్లోంచి సన్నటి పిండి రాలింది. "పురుగు లోపల బతికే ఉందండీ. ఇలా తాజాగా పొడి రాలుతుంటే అదే గుర్తు. ఈ పెట్టె గుమ్మం దాటితే మా బీరువాలు పోతాయి" అన్నారు.

"ఉచితంగా ఇస్తున్నామండీ!" అన్నాడు బాబాయి, అవతలివాళ్ల అజ్ఞానానికి జాలిపడుతూ.

"తీసుకున్న ప్రతిదీ రిజిస్టర్లో ఎక్కించాలి, నంబరు వేయాలి, చోటు చూడాలి. ముందు లిస్టు పంపండి. పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, పుస్తకం ఎలా ఉందో రాయండి. మా దగ్గర లేనివి టిక్ పెట్టి చెప్తాం."

"దానానికి లిస్టేంటండీ? మరి శాలువా సంగతి?"

లైబ్రేరియన్ గారు నవ్వలేదు. ఎన్ని పెట్టెలు చూశారో, పాపం!

ఇంటికొచ్చాక అడిగాను, నానమ్మ సీరియళ్లేవని. వారపత్రికల్లోంచి వారం వారం కత్తిరించి, దబ్బనంతో పురికొస గుచ్చి కుట్టుకున్న కట్టలు. అంచు మీద ఆవిడ చేతిరాతలో తేదీలు. "అట్టలు కూడా లేవురా, పాత పేపర్లవాడికి కాటా వేసేశా" అన్నాడు.

అట్ట లేదట! పుస్తకంగా అచ్చు కాని సీరియళ్లు ఎన్నో ఉన్నాయి, అవి మిగిలేది ఇలాంటి కట్టల్లోనే. పేరున్న నవల అమ్మేసుకో, మళ్లీ అచ్చేస్తారు, కొనుక్కోవచ్చు. ఈ ఏడాది సిలబస్ పుస్తకాన్ని పక్కింటి పిల్లాడు సగం ధరకు సంతోషంగా తీసుకుంటాడు. ఇంకెక్కడా దొరకనిదాన్ని కిలోల్లెక్కన తూచి, ఎవడికీ అక్కర్లేనిదాన్ని లైబ్రరీకి మోసుకెళ్లే ఈ దాతృత్వాన్ని ఏమనాలి? సిగ్గుండాలి! ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కుట్టింది బజ్జీల పొట్లాల కోసం కాదు.

పాత పేపర్ల కొట్టుకి పరిగెత్తాను. సరుకు అప్పటికే లారీ ఎక్కేసింది.

గైడ్లు మాత్రం క్షేమంగా కాకినాడ చేరాయి. ఫ్లాటులో అటక లేదు కాబట్టి మంచం కింద పెట్టారు. పురుగులతో సహా.