పెరుగు దారిలో ఉంది

ఆడపెళ్లివారు కేటరింగ్ ఆయన మీద కోప్పడకూడదు. కోప్పడితే ఆయన గరిటె కింద పెట్టేస్తాడు. గరిటె కింద పెడితే వియ్యాలవారికి తెలుస్తుంది. అందుచేత మా మేనకోడలి పెళ్లిలో వంటశాల బాధ్యత తీసుకున్న నేను, గుంటూరు ఎండలో, గ్యాస్ సిలిండర్ల వెనక నిలబడి, అరగంటసేపు చిరునవ్వుతోనే ఫిర్యాదు చేశాను.

ఒప్పందం 600 విస్తళ్లు, విస్తరికి 450 రూపాయలు, మొత్తం 2,70,000. మూడో బంతిలో 140 మంది కూర్చున్నారు. వాళ్లకు పూర్ణం బూరెలు లేవు, పనసపొట్టు కూర లేదు, పెరుగు అసలే లేదు.

"పెరుగు దారిలో ఉంది బాబాయి గారూ" అన్నాడాయన.

ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లే దారో చెప్పలేదు. అదే ముహూర్తానికి ఆయన ఇంకో పెళ్లి కూడా ఒప్పుకున్నాడనీ, మా పెరుగు డబ్బాలు మా గుమ్మం ముందు నుంచే అక్కడికి వెళ్లాయనీ సామాను ఆటో డ్రైవరు తర్వాత చెప్పాడు. కాబట్టి దారిలో ఉన్నమాట నిజమే.

నేను గొంతు తగ్గించి లెక్క మొదలుపెట్టేసరికి పెళ్లికొడుకు పెదనాన్నగారు చేతులు కడుక్కోవడానికి అటే వచ్చారు. వెంటనే ఇద్దరం నవ్వాం. కేటరింగ్ ఆయన నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు. "వంట అద్భుతం. ఈ బంతికి పెరుగు రాలేదేమిటి?" అన్నారు పెద్దాయన. "గడ్డపెరుగండీ, తోడుకోవడానికి కాస్త టైము పడుతుంది" అన్నాడీయన. నేను తల ఊపాను. నాకు బాకీపడ్డ మనిషి చెప్పిన అబద్ధానికి నేనే సాక్షి సంతకం పెట్టాను. పెద్దాయన వెళ్లగానే చెయ్యి తీసేసి, "మీ జనం ఎక్కువ వచ్చారు, నేనేం చేయను?" అన్నాడు.

ఈ మాట వస్తుందని నాకు ముందే తెలుసు. అందుకే పొద్దున వడ్డన కుర్రాళ్లతో కలిసి అరిటాకులు లెక్కపెట్టించాను: 700. కట్టలు విప్పక మిగిలినవి 128. అంటే లేచిన విస్తళ్లు 572. ఒప్పుకున్న సంఖ్య కన్నా 28 తక్కువే. ఈ లెక్క చూపిస్తే ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "మనలో మనకు లెక్కలేమిటి బాబాయి గారూ?" అన్నాడు. బిల్లులో పన్నీరు చల్లిన అమ్మాయికి కూడా భోజనం ఖరీదు వేసిన మనిషి!

ఆర్డరు కాగితం మీద వంటకం వారీగా రేట్లు రాయించుకోవడం మా అదృష్టం. బూరెలకు 25, పనసపొట్టుకు 40, పెరుగుకు 25. విస్తరికి 90 చొప్పున 140 విస్తళ్లకు 12,600 రూపాయలు. అంతే అడిగాను. పరువునష్టం కలపలేదు.

అడగడమెందుకు, బాకీలో కోసుకోవచ్చుగా అంటారా? బాకీ ఉంటే కోసుకునేవాణ్ణి. కనీసం 20 వేలు ఆపమని, ఖాళీ గిన్నెలు లారీ ఎక్కాకే ఇమ్మని బావగారికి చెప్పే ఉంచాను. కానీ సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు ఈ మహానుభావుడు మండపం మెట్ల పక్కన బిల్లు పట్టుకుని నిలబడ్డాడు. అంతమంది ముందు ఏ ఆడపిల్ల తండ్రి బేరమాడతాడు? మొత్తం ఇచ్చేశారు.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పాను. ఆ మూడో బంతిలో కూర్చున్నదెవరో తెలుసా? పొద్దున నాలుగింటి నుంచి ఊదిన సన్నాయి మేళం వాళ్లు, డ్రైవర్లు, మండపం ఊడ్చిన ఆడవాళ్లు. మూడు గంటలకు ఆకు ముందు కూర్చుంటే చల్లారిన అన్నం, నీళ్లచారు! వాళ్ల ఆకుకూ 450 రూపాయలే తీసుకున్నావు కదయ్యా! "వాళ్లదేముంది లెండి" అన్నావే, ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? వాళ్లు అడగరని తెలిసే ఆ బంతికి గిన్నె ఖాళీ చేశావు. అదే మొదటి బంతిలో, వియ్యాలవారి ముందు చేసి ఉంటే నీ ధైర్యం చూసేవాణ్ణి.

ఖాళీ గిన్నెల ఫోటోలు తీసి, విషయమంతా రాసి, ఆ మధ్యాహ్నమే వాట్సాప్‌లో పంపాను. జవాబుగా నమస్కారం బొమ్మ వచ్చింది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లవచ్చు. ఐదు లక్షల లోపు చెల్లింపులకు ఫీజు కూడా లేదు. పెరుగు రాలేదని తన నోటితో అన్న ఏకైక గౌరవనీయ సాక్షి మాత్రం పెళ్లికొడుకు పెదనాన్నగారు. ఆయన్ను బోనెక్కించే ఆలోచన చెబితే మా అక్కయ్య నన్ను గుమ్మం తొక్కనివ్వదు.

నిన్న కేటరింగ్ ఆయనే ఫోన్ చేశాడు. డబ్బు తిరిగివ్వడం తమ వృత్తిలో ఆనవాయితీ కాదట, అమ్మాయి సీమంతం బిల్లులో 12,600 తగ్గిస్తాడట. ఈ సంగతి అమ్మాయికి ఇంకా చెప్పలేదు.