ఎస్.కోట లెక్క

విజయనగరం కాంప్లెక్సులో బస్సు బోర్డు మీద శృంగవరపుకోట అని పూర్తిగా రాసుంటే ఎక్కేవాడు ఒక్క క్షణం ఆగి చదువుకోవాలి. ఎస్.కోట అని ఉంటే దూరం నుంచే పోల్చుకుంటాడు. దాని పక్క మండలం లక్కవరపుకోట, అది ఎల్.కోట. శ్రీకాకుళం వైపు గంగువారి సిగడాం జి.సిగడాం అయింది. మూడింట్లోనూ జనం చేసింది ఒకటే పని. నోరు తిరగని ముక్కని ఒక అక్షరానికి కుదించి, గుర్తుపట్టే ముక్కని ముట్టుకోకుండా ఉంచేశారు. ఎస్.కోటని ఎస్.కె. అన్నవాళ్లని నేను చూడలేదు.

అమెరికాలో ఉన్న మన ఊళ్లవాళ్ల సంఘం పేరు పొట్టిగా చేద్దామని మన కమిటీ అనుకుంటోంది కాబట్టి ఈ సంగతి ఎత్తాను. మనలాంటి సంఘాల పేర్లు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. శ్రీకాకుళం విజయనగరం వెల్ఫేర్ అసోసియేషన్ అనుకోండి. మొదటి అక్షరాలు ఏరితే ఎస్.వి.డబ్ల్యు.ఏ. లోగోలో నాలుగే అక్షరాలు, ముచ్చటగా ఉంటాయి. నోటితో అనబోతే డబ్ల్యు దగ్గర నాలుక మడత పడుతుంది. పైగా ఎస్వీ అనగానే మనవాళ్లకి తిరుపతి, వెంకన్న గుర్తొస్తారు గానీ నాగావళి గుర్తురాదు. తెలుగులో పేరుకి విభక్తి కూడా అతకాలి. "తానాకి వెళ్లాం", "ఆటాలో కలిశాం" అని హాయిగా అంటాం. "ఎస్వీడబ్ల్యుఏలో కలిశాం" అని ఎవరంటారు?

పలికే మాటగా మారిన పేరుకి మన విజయనగరంలోనే మంచి ఉదాహరణ ఉంది, మాన్సాస్. 1958లో పి.వి.జి. రాజు గారు తండ్రి పేరిట పెట్టిన సంస్థ. పూర్తి పేరు మహారాజా అలక్ నారాయణ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్స్. ఆఫ్, అండ్ వదిలేశారు. మిగిలిన ఆరు అక్షరాల్లో అలక్‌లోని ఏ, ఆర్ట్స్‌లోని ఏ సరిగ్గా హల్లుల మధ్యన పడ్డాయి. అందుకే అది రెండు దెబ్బల్లో పలికే మాటైంది. ఆ అచ్చులు లేకపోతే అది కూడా మరో ఎస్.వి.డబ్ల్యు.ఏ. అయ్యేది. పేరు కుదించేటప్పుడు నేను మొదట చూసేది అచ్చులు ఎక్కడున్నాయనే.

ఇంగ్లీషు అక్షరాలు కుదరకపోతే తెలుగు అక్షరాలతో ప్రయత్నించొచ్చు. అభ్యుదయ రచయితల సంఘం అరసం, విప్లవ రచయితల సంఘం విరసం. మన ఒక్కో అక్షరంలో అచ్చు ఎలాగూ ఉంటుంది, కాబట్టి ఏరగానే మాట తయారు. చివరి సంఘంలోంచి వచ్చిన "సం" దాన్ని అసలు సిసలు తెలుగు మాటలా నిలబెడుతుంది. అదే పద్ధతిలో నేను శ్రీవిసం అని కట్టి, సంబరంగా రాజాంలో ఉన్న అమ్మకి ఫోన్‌లో చెప్పాను.

"ఇసవేటి నాయనా? సంగానికి ఇసమని పేరెట్టినారేటి?" అంది.

నిజమే, మన వైపు విషం విసమే, ఇసమే. కాగితం మీద ఎంత చూసినా నాకిది తట్టలేదు.

అసలు కుదించడం ఎందుకు అనేవాళ్లకి అదే రాజాం జవాబు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలో చేరింది. పాలకొండ సభ్యుడికి మన పేరులోని రెండు జిల్లాల్లో ఏదీ ఇప్పుడు సొంతం కాదు. ఇక్కడ మన పెద్దవాళ్లకి ఉత్తరాలు పంపే రిటైరైనవాళ్ల సంఘం ఏఏఆర్‌పీకి ఇలాంటి చిక్కే వచ్చింది. పేరులో రిటైర్డ్ అని ఉంది, సభ్యుల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. 1999లో వాళ్లు విస్తరణ వదిలేసి, అక్షరాలనే పేరుగా ఉంచుకున్నారు. మనమూ పొట్టి పేరు పెట్టుకున్నాక బ్రాకెట్లో దాని అర్థం విప్పుతూ కూర్చోకూడదు. కొత్తలో రెండు మూడేళ్లు లోగో కింద చిన్న అక్షరాల్లో పాత పేరు ఉంచితే చాలు.

చట్టబద్ధమైన పేరు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దని నా మాట. దాన్ని మార్చాలంటే రాష్ట్రంలో ఆర్టికల్స్ సవరించాలి, పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి తెలపాలి. పొట్టి పేరుని డీబీఏగా, అంటే వాడుక పేరుగా, నమోదు చేసి ఆ కాగితం బ్యాంకులో ఇస్తే, ఆ పేరు మీద రాసిన చెక్కులు కూడా జమ చేసుకోవచ్చు. విరాళాల రసీదులో మాత్రం పాత పేరు, పన్నుల శాఖ ఇచ్చిన ఈఐఎన్ నంబరు ఉంచడం మంచిది. దాత పనిచేసే కంపెనీ మ్యాచింగ్ గ్రాంటు ఇచ్చేముందు మనల్ని వెతికేది వాటితోనే.

పోయినవారం మళ్లీ అమ్మకి ఫోన్ చేశాను. ఎస్.కోట లెక్కలో, అక్షరాలు ఏరకుండా ముక్కలు ఉంచి కట్టిన పేరు, శ్రీవిజ.

"ఎవరి పాప?" అంది.

నా ఓటు దానికే.