నల్ల పట్టీల నిర్మూలన ఉద్యమం

టీవీ తెర మీద ఇరువైపులా నల్ల పట్టీ కనిపిస్తే కొందరికి అన్నం సహించదు. డబ్బులు పోసి కొన్న తెర అది. అందులో అంగుళం ఖాళీగా ఉన్నా ఆస్తి కబ్జా అయినట్టే. వెంటనే రిమోట్ అందుకుంటారు.

వెడల్పు, ఎత్తుల లెక్కలో పాత ప్రసారం 4:3 బొమ్మ, తెరేమో 16:9. ఒక్క నొక్కుతో బొమ్మ అడ్డంగా మూడో వంతు సాగుతుంది. సన్నగా ఉండే కథానాయకుడు తలుపు పట్టనంత బొద్దుగా లోపలికొస్తాడు. ఎక్కి వచ్చిన సైకిల్ చక్రాలు కోలగా ఉన్నా హాయిగానే తిరుగుతాయి. అలసిపోయి మంచం మీద వాలగానే చూడాలి వైభోగం: ఇప్పుడు సాగేది నడుము కాదు, పొడవు. అదే మనిషి సన్నగా, తాడిచెట్టంత అయిపోతాడు. లేచి కూర్చుంటే మళ్లీ లావు. ఇంత త్వరగా పనిచేసే డైటింగ్ ఇంకోటి లేదు. "ఇప్పుడు ఎంత నిండుగా ఉందో చూశావా!" అంటారు మావయ్యగారు, ఉద్యమ విజయోత్సాహంతో.

సాగదీయడం నచ్చని మేధావులకు Zoom ఉంది. అది ఆకారం చెడగొట్టదు, పైనా కిందా కలిపి పావు వంతు కోసేస్తుంది, అంతే. 2.35:1 వెడల్పు సినిమా మీద ప్రయోగిస్తే పక్కల నుంచి పావు వంతు పోతుంది. ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు గొడవపడే సీన్లో మధ్యనున్న పూలకుండీ ఒక్కటే మిగులుతుంది. దాని నటన మాత్రం అద్భుతం.

నిజానికి Zoom అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది. వెడల్పు సినిమాను 4:3 ప్రసారంలో పెట్టి పంపితే నాలుగు వైపులా నలుపే, మధ్యలో చిన్న బొమ్మ. అప్పుడు Zoom కోసేది నలుపునే. సరిగ్గా అప్పుడే రిమోట్ ఎవరికీ కనబడదు.

ఇక Just Scan. పాత గొట్టం టీవీల్లో బొమ్మ అంచులు చట్రం వెనక దాగేవి. ఆ అలవాటుతో కొత్త టీవీలూ అంచులు కాస్త కోసి, మిగిలింది పెద్దది చేస్తాయి. 1920×1080 బొమ్మలో అలా వెడల్పులోనూ ఎత్తులోనూ 5 శాతం చొప్పున పోతే, 1824×1026 చుక్కల్నే తెరంతా పరుస్తారు. అక్షరాలు మసకబారతాయి, కింద నడిచే వార్తల పట్టీ సగం తెగుతుంది. Just Scan పెడితే ఈ కోత ఆగుతుంది. పని చేసే ఒక్క బటన్‌నీ మెనూ అడుగున పాతిపెట్టిన మహానుభావులకు వందనం.

ఇంట్లో వాళ్లని క్షమించవచ్చు. ఛానెల్‌నే ఏమనాలి? అక్కడే సాగదీసి పంపితే మన టీవీలో 4:3 పెట్టి మళ్లీ కుదించుకోవచ్చు. కానీ తెర నింపాలని పాత సినిమాల తలలూ పాదాలూ కోసి పంపుతున్నారే, దానికి ఏ బటనూ లేదు! నాట్య సన్నివేశంలో పాదాలు కోయడానికి మీకెవరిచ్చారు హక్కు? ఆ ఫ్రేము కోసం ఒక ఛాయాగ్రాహకుడు కెమెరాను ఎక్కడ పెట్టాలా అని తల బద్దలు కొట్టుకున్నాడు. కోసేవాడు ఆ తలనూ వదల్లేదు.